"నమస్తే పెట్టమ్మా" అనడం మానేశాక

మా పెదనాన్న ఊరి నుంచి వచ్చిన రోజు సంగతి ముందు చెప్పాలి. మే నెల, ఆదివారం, పొద్దున్న పదకొండు గంటలు. తలుపు తీసేసరికి ఆయన చేతిలో మామిడికాయల సంచి, వెనకాల పెద్దమ్మ. మా అమ్ములు (ఇంట్లో పిలుచుకునే పేరు) అప్పటికి మూడున్నరేళ్ళది. హాల్లో బొమ్మలు పరుచుకుని కూర్చుంది. "అమ్ములూ, పెద్ద తాతయ్యకు నమస్తే పెట్టమ్మా" అన్నాను. లేచొచ్చి నా లుంగీ పట్టుకుని వెనక్కి నక్కింది. "పెట్టమ్మా" అని మా అమ్మ. "పెట్టు, బంగారుతల్లివి కదూ" అని వంటింట్లోంచి మా ఆవిడ. పెదనాన్న వంగి, మొహంలో మొహం పెట్టి, "నాకు పెట్టవా అయితే?" అన్నారు. అంతే, గుక్కపట్టి ఏడుస్తూ డైనింగ్ టేబుల్ కిందకు దూరింది. "ఇంట్లో వాగుడుకాయే బావగారూ, కొత్తవాళ్ళంటేనే సిగ్గు" అని అమ్మ సర్దిచెబుతోంది. నేనేమో వంగి టేబుల్ కిందకు చూస్తూ పళ్ళ బిగువున "బయటికి రా" అంటున్నాను.

పావుగంట తర్వాత, అందరం కాఫీలు తాగుతుంటే, టేబుల్ కింద నుంచి పాక్కుంటూ వచ్చి తన ఎలుగుబంటి బొమ్మను పెదనాన్న ఒళ్ళో పెట్టి మళ్ళీ పరిగెత్తింది. ఆయన నవ్వారు. పిల్ల ఆయన్ని పలకరించిందని నాకు అప్పటికప్పుడు తట్టలేదు. రాత్రి పడుకున్నాక తట్టింది. మనం మొదటి పది సెకన్లలో అడుగుతున్నాం, దానికి పదిహేను నిమిషాలు కావాలి. గొడవంతా ఆ తేడాలోనే ఉంది.

తర్వాతి వారం టీకా కోసం వెళ్ళినప్పుడు పిల్లల డాక్టరుగారిని అడిగాను. కొందరు పిల్లల స్వభావమే మెల్లగా కలవడం అన్నారు. అమెరికాలో థామస్, చెస్ అనే ఇద్దరు మానసిక వైద్యులు 1956లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి పిల్లల్ని గమనించి, ఇలాంటివాళ్ళు నూటికి పదిహేను మంది దాకా ఉంటారని రాశారట. "ఇంట్లో మాట్లాడుతుందా? పిలిస్తే తిరుగుతుందా? కావలసింది వేలితో చూపిస్తుందా?" అని అడిగి, అన్నీ ఉన్నాయంటే ఫర్వాలేదన్నారు. బడిలో చేరాక, మొదటి నెల కొత్త పోయాక కూడా నెలకు పైగా అక్కడ ఒక్క మాటా మాట్లాడకపోతే మాత్రం తీసుకురమ్మన్నారు. ఇంట్లో గలగల మాట్లాడుతూ బయట నోరు పూర్తిగా మూసేసే పిల్లల సంగతి వేరట, అది సిగ్గు కాదట. మా అమ్ములుకు ఆ అవసరం రాలేదు.

ఇంటికొచ్చి మొదట చేసిన పని ఒక్కటే. ఎవరి ముందూ "నమస్తే పెట్టు" అని అనకూడదని ముగ్గురం ఒట్టు పెట్టుకున్నాం. మా అమ్మకు ఇది కష్టమైంది. "అయితే పిల్లకి మర్యాద ఎట్లా వస్తుందిరా?" అంది. నాకూ తెలియదు. పెద్దవాళ్ళం మనం చేస్తే చూసి నేర్చుకుంటుంది అనేశాను, ఆ మాట అన్నాకే నేనేం చేస్తున్నానో గమనించాను. మాది గుంటూరులో నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్. పొద్దున్న లిఫ్ట్‌లో రోజూ అవే మొహాలు. నేను ఫోన్ చూసుకుంటూ గడ్డం కాస్త ఎత్తి దించేవాణ్ణి. నా పలకరింపు అదే. మూడున్నరేళ్ళ పిల్ల ఎత్తు నుంచి చూస్తే అది కూడా కనిపించదు.

అందుకని ఫోన్ జేబులో పెట్టి, దానికి వినపడేలా, పేరు పెట్టి పలకరించడం మొదలుపెట్టాను. "నమస్తే మేష్టారూ, బాగున్నారా?" రెండు మూడు రోజులు నాకే నాటకంలా అనిపించింది. అమ్ములు మాత్రం మెడ ఎత్తి నా మొహం, వాళ్ళ మొహం మార్చి మార్చి చూసేది.

తర్వాత ఆట. సాయంత్రం పాలు తాగాక ఐదు నిమిషాలు, అంతకు మించి కాదు. బెడ్‌రూమ్ తలుపే మా వీధి తలుపు. ఎలుగుబంటి చుట్టం. నేను తలుపు తట్టి ఎలుగుబంటి గొంతుతో "ఇంట్లో ఎవరండీ?" అంటాను, అది తలుపు తీయాలి. మొదటిరోజు తలుపు తీసి ఎలుగుబంటిని లాక్కుని మళ్ళీ వేసేసింది. రెండోరోజు తనే ఎలుగుబంటి అవుతానంది. వారం రోజులు అదే చుట్టం, నేనే ఇంటివాణ్ణి. దీనివల్ల లాభమేమీ లేదనుకున్నాను కానీ, అసలు నేర్చుకున్నది ఆ వారమే. తలుపు తీసినవాళ్ళు ఏమంటారో చుట్టం వైపు నుంచి రోజూ విన్నది. "రండి రండి, కూర్చోండి, ఎండన పడి వచ్చారు, మంచినీళ్ళు తీసుకోండి." ఒకరోజు నేను కావాలనే ఏమీ అనకుండా తలుపు తీసి నిలబడ్డాను. ఎలుగుబంటికి కోపం వచ్చింది. "రమ్మనాలి కదా!" అంది.

ఆటలో వచ్చింది వాకిట్లోకి రావడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. ఎవరితో మొదలుపెట్టాలా అని ఆలోచించి ఎదురింటి మేష్టారిని ఎంచుకున్నాను. రిటైరైన తెలుగు మాష్టారు. పొద్దున్న ఏడున్నరకు వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పేపరు చదువుతుంటారు. ఒకరోజు ఒంటరిగా వెళ్ళి ఆయనకు విషయం చెప్పి మూడు సాయాలు అడిగాను. పిల్ల వచ్చినప్పుడు వంగి దగ్గరికి రావద్దు. "నీ పేరేంటి, ఏం తిన్నావు" అని ప్రశ్నలు వేయొద్దు. అది నమస్తే పెట్టకపోయినా పెట్టినట్టే ఉండండి. ఆయన కళ్ళద్దాలు తీసి, "అంటే పేపరు చదువుకోమంటావు, అంతేగా" అన్నారు. అంతే.

రోజూ పొద్దున్న పాలప్యాకెట్ తేవడానికి అమ్ములును తీసుకుని ఆయన ముందు నుంచి వెళ్ళేవాణ్ణి. తలుపు తీయకముందే లోపలే మోకాళ్ళ మీద కూర్చుని చెప్పేవాణ్ణి: "బయట మేష్టారు తాత ఉంటారు. నేను నమస్తే పెడతాను. నీకు కావాలంటే చేతులు కలుపు, మాట అక్కర్లేదు." మాట అక్కర్లేదు అన్నదే ముఖ్యం. చేతులు, చూపు, మాట మూడూ ఒకేసారి అడిగితే సిగ్గరి పిల్లకు మోయలేని బరువు. చేతులొక్కటే అయితే మోయగలదు. నేను నమస్తే పెట్టి మనసులో ఐదు లెక్కపెట్టేవాణ్ణి. ఐదంటే తక్కువేం కాదు, వాకిట్లో పిల్లతో నిలబడితే అది ఎంత పొడుగో తెలుస్తుంది. ఐదు అయ్యాక "వెళ్ళొస్తాం మేష్టారూ" అని ఇద్దరి తరఫునా నేనే అనేసి కదిలేవాణ్ణి. వెనక్కి తిరిగి దాని వంక చూడటం, "చూశావా, పెట్టలేదు" అనడం లేవు.

ఎనిమిది రోజులు ఏమీ లేదు. తొమ్మిదోరోజు లిఫ్ట్ దాకా వెళ్ళాక నా వెనక నుంచి రెండు చేతులు కలిసిన చప్పుడు, చప్పట్లలా. తిరిగి చూస్తే మేష్టారి వైపే చూస్తోంది, చేతులు గడ్డం కింద ఉన్నాయి. ఆయన పేపరు మీద నుంచి తల ఎత్తకుండానే ఒక చెయ్యి ఎత్తారు. ఆయన అంత బాగా చేస్తారని నేననుకోలేదు. నేనైతే ఆ క్షణంలో ఎగిరి గంతేసి పాడుచేసేవాణ్ణి. మొదటి మాట రావడానికి ఆ తర్వాత ఇంకో రెండు వారాలు పట్టింది, అదీ "తాత" అని మాత్రమే.

జూన్‌లో బడి తెరిచారు. ఎల్కేజీలో పిల్లలందరూ కలిసి "గుడ్ మార్నింగ్ టీచర్" అంటారు, అందులో మా అమ్ములు గొంతే పెద్దదని టీచర్ చెప్పింది. మా ఆవిడ ఆశ్చర్యపోయింది. నాకేం ఆశ్చర్యం అనిపించలేదు. ముప్ఫైమంది కలిసి అంటుంటే ఎవరూ నిన్నొక్కదాన్నే చూడరు కదా.

చేతులు వచ్చాక అసలు తెలుగు చిక్కు మొదలైంది. ఎవర్ని ఏమని పిలవాలి? పెద్దవాళ్ళందరినీ ఆంటీ, అంకుల్ అనిపించేస్తే సుఖమే. కానీ మా అమ్మ ఒప్పుకోలేదు, నాకూ ఇష్టం లేదు. మామ్మ, బాబాయ్, అత్త అంటే పిల్లకి ఆ మనిషి ఇంట్లో ఎవరి పక్కన కూర్చుంటారో తెలుస్తుంది. అందుకని చుట్టాలు వచ్చేముందు ఫోన్‌లో ఫోటో చూపించేవాళ్ళం. "ఈవిడ నాన్నకు మేనత్త. నువ్వు మామ్మ అనాలి. కాళ్ళు నొప్పులు, మెల్లగా నడుస్తుంది." ఆ చివరి మాట బాగా పనిచేస్తుంది. మనిషి గురించి ఒక్క సంగతి ముందే తెలిస్తే పిల్ల దాన్ని చూడటానికైనా బయటికి వస్తుంది. మామ్మ వచ్చినప్పుడు అమ్ములు నమస్తే పెట్టలేదు కానీ, ఆవిడ కాళ్ళ వంక చూస్తూ సోఫా దాకా పక్కనే మెల్లగా నడిచింది.

పిలుపుల విషయంలో నాకు సిగ్గేసిన సంగతి ఒకటుంది. ఒకరోజు కింద గేటు దగ్గర అమ్ములు చాలా ధైర్యంగా, "ఏయ్ వాచ్‌మన్! నమస్తే" అంది. తనంతట తాను పలకరించిన మూడో మనిషి ఆయన. గొంతు అచ్చం మా గొంతే. బాల్కనీలోంచి మోటారు వేయమని మేం కేకేసేది అలాగే కదా. అరవై దగ్గర పడుతున్న మనిషి, నవ్వి "నమస్తే పాపా" అన్నాడు. పిల్లని ఏమనను? ఆ రాత్రి ముగ్గురం కూర్చుని, ఆయన్ని ఇకపై పేరు పెట్టి, చివర గారు చేర్చి పిలవాలని, అమ్ములుకు తాత అని చెప్పాలని అనుకున్నాం. మా నోరు తిరగడానికే పది రోజులు పట్టింది. అమ్ములుకు ఒక్కరోజు చాలింది.

ఇక నువ్వు, మీరు. మా ఇంట్లో అమ్ములు నన్ను నువ్వు అంటుంది, వాళ్ళ నాయనమ్మనూ నువ్వే అంటుంది. మరి మేష్టారిని మీరు అనాలంటే దానికి లెక్క ఎలా తెలుస్తుంది? పెద్దవాళ్ళని మీరు అనాలి అని చెబితే, "నాయనమ్మ పెద్దది కాదా?" అంది. నా దగ్గర జవాబు లేదు. అందుకని సూత్రం చెప్పడం మానేసి ముక్కలు ముక్కలుగా మాటలే ఇచ్చాను: రండి, కూర్చోండి, తీసుకోండి, బాగున్నారా. నాలుగే. ఆటలో ఎలుగుబంటికి ముందే అలవాటైన మాటలే. రెండు నెలలకు 'అండీ' దానికి ఎంత నచ్చిందంటే, "నాన్నా, పిల్లి వచ్చిందండీ" అనేది. పక్కింటి రెండేళ్ళ బుడ్డోణ్ణి "రండి" అనేది. ఒకరోజు తలుపు తోసుకుని వచ్చి "అమ్ములుగారు వచ్చారు" అంది. మన పేరుకు మనం గారు పెట్టుకోకూడదని అప్పుడు చెప్పాలనిపించలేదు. నవ్వి ఊరుకున్నాం. మూడు వారాల్లో దానంతటదే పోయింది.

నోరు పెగలనప్పుడు అన్నిటికంటే అక్కరకొచ్చింది మంచినీళ్ళ గ్లాసు. చుట్టం రాగానే పిల్లను ఎదురుగా నిలబెడితే చూపు ఎక్కడ పెట్టాలో దానికి తెలియదు. చేతిలో గ్లాసు ఉంటే చూపు గ్లాసు మీద ఉంటుంది, నడవడానికి కారణం ఉంటుంది, దగ్గరికి వెళ్ళాక మాట్లాడకపోయినా పలకరించినట్టే అవుతుంది. చిన్న స్టీలు గ్లాసు, సగం నీళ్ళు, కింద చిన్న పళ్ళెం, కుడిచేత్తో. మొదట్లో పళ్ళెం లేకుండా, గ్లాసు నిండా ఇచ్చాను. మా ఆవిడ ఆఫీసులో పైఅధికారి వచ్చిన రోజే ఆవిడ చీర మీద ఒలికింది. సగానికి తగ్గించాక రెండుసార్లే ఒలికింది, అవీ నేల మీదే. "తీసుకోండి" అనే మాట కూడా గ్లాసు పట్టుకున్నప్పుడే మొదట వచ్చింది. ఉత్త చేతులతో నిలబడితే రాని మాట.

వీడ్కోలు ఇంకో పాఠం. చుట్టాలు లేచి చెప్పులు వేసుకుంటుంటే అమ్ములు హుషారుగా "వెళ్ళిపోండి!" అంది. దాని లెక్కలో తప్పేముంది, అండీ కూడా ఉంది కదా. మనం వెళ్తామని కూడా అనం, వెళ్ళొస్తామంటాం. అది నాలుగేళ్ళ పిల్లకు విడమరిచి చెప్పేది కాదు. మళ్ళీ ఎలుగుబంటినే పట్టుకున్నాం. ఎలుగుబంటి "వెళ్ళొస్తానండీ" అంటే, "వెళ్ళి రండి" అని తలుపు దాకా రావాలి. వచ్చేటప్పటి నమస్తే కంటే ఇది చాలా త్వరగా పట్టుబడింది. అప్పటికి బెరుకు పోయి ఉంటుంది కాబట్టి సహజమే. మళ్ళీ మొదటి నుంచి నేర్పాల్సి వస్తే నేను ముందు వీడ్కోలే నేర్పుతాను.

మాటలు వచ్చాక వచ్చిన తంటా ఇంకోటి. లిఫ్ట్ దగ్గర పై ఇంటావిడ పట్టుచీర కట్టుకుని, పళ్ళెంలో పసుపు కుంకుమలతో పెళ్ళికి బయల్దేరింది. మా పిల్ల ఎంతో మర్యాదగా, "నమస్తే మామ్మా, ఎక్కడికి?" అంది. ఆవిడ మొహం ఒక్క క్షణం మారింది. తర్వాత నవ్వి, మా ఇంట్లోకే వచ్చి కుర్చీలో కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళింది. బయల్దేరేవాళ్ళని ఎక్కడికని అడగకూడదన్న పట్టింపు నాకు పెద్దగా లేదు. కానీ ఎదుటివాళ్ళకు ఉంటుంది. "బయల్దేరేవాళ్ళని 'వెళ్ళొస్తున్నారా' అనాలి" అని మా అమ్మ దానికి నేర్పింది. వచ్చినవాళ్ళని "నాకేం తెచ్చారు?" అని అడగడం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. వచ్చినవాళ్ళు సంచిలోంచి ఏదో ఒకటి తీస్తూనే ఉంటారు, ఎలా పోతుంది?

కింద అంతస్తులో ఉండే నానీ చెయ్యి నుదుటి దాకా ఎత్తి సలాం అంటారు. మొదటి అంతస్తులో ఒకాయన "వందనాలమ్మా" అంటారు. ఎవరు ఏది అంటే అది తిరిగి అనమన్నాను. అమ్ములుకు సలాం నచ్చింది, కొన్నాళ్ళు ఎలుగుబంటి కూడా సలామే పెట్టింది.

ఒక విషయంలో మాత్రం నేను గట్టిగా ఉన్నాను. నమస్తే నేర్పడం వేరు, ఒళ్ళో కూర్చోమనడం, ముద్దు పెట్టమనడం వేరు. బుగ్గ గిల్లేవాళ్ళు, ఎత్తుకునేదాకా వదలనివాళ్ళు మన ఇళ్ళల్లో తక్కువేం లేరు. ఒక పెద్దావిడ చాక్లెట్ చూపిస్తూ "ముద్దు పెడితేనే ఇస్తా" అంటుంటే అమ్ములు నా వంక చూసింది. "మా పిల్ల నమస్తే పెడుతుంది పెద్దమ్మా, ముద్దులు దానికి ఇష్టమైతేనే" అన్నాను. ఆవిడ నొచ్చుకుంది, మా అమ్మ కూడా తర్వాత నన్ను సాధించింది. అయినా మార్చుకోలేదు. నమస్తేలో ఉన్న సుఖమే అది, దూరంగా నిలబడి పెట్టొచ్చు. దాంతోపాటే ఇంకోటి చెప్పాం: పలకరింపులన్నీ మేం ఎవరమైనా పక్కన ఉన్నప్పుడే. బెల్లు మోగితే తలుపు తీసేది పెద్దవాళ్ళే, ఎంత తెలిసినవాళ్ళైనా.

ఇప్పుడు దానికి నాలుగేళ్ళు దాటాయి. నిద్రలేచిన పావుగంటలో ఎవరొచ్చినా పలకదు. బడి వ్యాన్ దిగిన వెంటనే, ఆకలి మీద, అస్సలు పలకదు. ఒకేసారి ఐదారుగురు వస్తే గదిలోకి పోతుంది. అప్పుడు నేను ఐదు లెక్కపెట్టి, ఇద్దరి తరఫునా నేనే నమస్తే పెట్టి, కూర్చోమంటాను.

సంక్రాంతి వెళ్ళిన వారం పెదనాన్న, పెద్దమ్మ మళ్ళీ వచ్చారు, ఈసారి అరిసెల డబ్బాతో. పొద్దున్నే ఫోటో చూపించి చెప్పాను. తలుపు తీయగానే అమ్ములు సోఫా వెనక్కి వెళ్ళి నిలబడింది. ఐదు లెక్కపెట్టాను. పెదనాన్న వంగబోయి, ఎందుకో ఆగి, వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. బహుశా నేను ఫోన్‌లో చెప్పింది గుర్తొచ్చి ఉంటుంది. కాసేపటికి పళ్ళెంలో గ్లాసు పట్టుకుని, నాలుక కొస బయటపెట్టి, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. "తీసుకోండి" అంది, మాట గ్లాసుకే చెప్పినట్టు. ఆయన తాగి గ్లాసు ఇచ్చేశారు. పెద్దమ్మకు ఇంకో గ్లాసు తెచ్చింది. ఆ తర్వాత ఎలుగుబంటి, కొత్త చెప్పులు, ఊడబోతోందని తను అనుకుంటున్న పన్ను, అన్నీ చూపించింది.

సాయంత్రం లిఫ్ట్ దాకా వచ్చాం. "వెళ్ళొస్తాం తల్లీ" అన్నారు పెదనాన్న. "వెళ్ళి రండి, మళ్ళీ రండి" అంది. లిఫ్ట్ తలుపులు మూసుకున్నాయి. కిందకు దిగుతున్న అంకెలు చూస్తూ నిలబడి, ఒక్కసారిగా నా చెయ్యి లాగి, "నాన్నా, నమస్తే మర్చిపోయా" అంది. నేనేదో అనేలోపే మూసి ఉన్న లిఫ్ట్ తలుపులకు రెండు చేతులూ కలిపి నమస్తే పెట్టి, ఇంట్లోకి పరిగెత్తింది.